05/06 అంటే ఏ రోజు?

గుంటూరులో మా ఇంటి పచ్చళ్ల పేజీకి క్యాప్షన్లు నేనే రాస్తాను. మొన్న జూన్ మొదట్లో గోంగూర ఆఫర్‌కి పైన తెలుగులో "కిలో కొంటే పావుకిలో ఉచితం, 05/06 రాత్రి 9 వరకు" అని పెట్టి, కింద అదే ముక్క ఇంగ్లీషులో దించేశాను. న్యూజెర్సీలో ఉండే ఒక అక్క "అయిపోయిన ఆఫర్ ఇప్పుడెందుకు పెట్టావమ్మా?" అని మెసేజ్ పెట్టింది. ఎంతసేపు చూసినా నాకు తప్పు కనపడలేదు, ఆ తర్వాత వెలిగింది, అమెరికాలో నెల ముందు రాస్తారు కదా, ఆవిడ లెక్కలో అది మే 6! సరే, తేదీ కుదిరినా రాత్రి 9 ఎవరి రాత్రి? మనకి 9 అయితే వాళ్లకి అప్పుడు ఉదయం 11:30.

ఇప్పుడు ఇలా రాస్తున్నా:

```
జూన్ 5 రాత్రి 9 వరకు. మన దేశంలో డెలివరీ ఉచితం.
Till 5 June, 11:30 am New York time. US shipping extra.
```

రెండో లైను మొదటిదానికి అనువాదం కాదు, కావాలనే. డెలివరీ ఉచితం అని ఇంగ్లీషులో కూడా రాస్తే అమెరికా కొరియర్ ఖర్చు నా నెత్తినే పడుతుంది. తెలుగు ఒక్క లైనులోనే ముగిస్తున్నా, లేకపోతే ఇంగ్లీషు లైను "మరిన్ని" కింద దాక్కుంటుంది, దాన్ని నొక్కి చదివే ఓపిక ఎవరికుంది? గోంగూరకి మాత్రం ఇంగ్లీషు పేరు వెతకను, ఎక్కడున్నా మనవాళ్లకి అది గోంగూరే.