ద్రావణం తొట్టి నుంచి ఆటోక్లేవ్ దాకా: ల్యాప్రోస్కోపీ పరికరాలతో నా అనుభవం

కోస్తా జిల్లాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నేను స్టాఫ్ నర్సుగా చేరేనాటికి, చిన్న గాట్ల గుండా ఆపరేషన్ చేసే ల్యాప్రోస్కోపీ పరికరాలను రెండు కేసుల మధ్య 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమినాశక ద్రావణంలో 20 నిమిషాలు ముంచి, నీటితో కడిగి, తరువాతి రోగికి వాడేవారు. కత్తెరలు, ఫోర్సెప్స్ వంటి మామూలు పరికరాలన్నీ ఆవిరి వేడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లోకి వెళ్లేవి. పొట్టలోకి దూర్చే ఈ సన్నని, పొడవాటి గొట్టాల పరికరాలు మాత్రం తొట్టిలో మునిగి లేచేవి. చిన్న ఊళ్లలోని చాలా థియేటర్లలో ఇదే పద్ధతి ఉండేది కాబట్టి ఎవరూ దానిని వింతగా చూసేవారు కాదు.

గాల్‌బ్లాడర్ ఆపరేషన్ చేయించుకుని బాగానే ఇంటికి వెళ్లిన కొందరు రోగులు సుమారు నెల తరువాత తిరిగి రావడంతో ఈ పద్ధతి మీద అనుమానం మొదలైంది. బొడ్డు దగ్గరి గాటు పైకి మానినట్టే కనిపిస్తూ, లోపల గట్టిపడి, చిన్న రంధ్రం గుండా నీళ్లలాంటి చీము కారేది. మామూలు కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు, మామూలు యాంటీబయాటిక్స్ పనిచేయలేదు. మైకోబ్యాక్టీరియా కోసం ప్రత్యేకంగా పంపిన నమూనాలో మైకోబ్యాక్టీరియం చెలోనే బయటపడింది. ఇది క్షయ క్రిమికి దూరపు బంధువు, కుళాయి నీటిలో నివసిస్తుంది, దీని మైనపు పొర రసాయనాలను అంత తేలికగా లోపలికి రానివ్వదు. ల్యాప్రోస్కోపీ గాట్ల దగ్గర ఇటువంటి ఇన్ఫెక్షన్లు మన దేశంలోని అనేక ఆసుపత్రులలో నమోదయ్యాయి. రోగికి నెలల తరబడి మందులు ఇవ్వాలి, కొన్నిసార్లు ఆ భాగాన్ని కోసి తీయవలసి వస్తుంది.

మా సర్జన్ గారు అప్పుడే నిర్ణయం తీసుకున్నారు. ల్యాప్రోస్కోపీ పరికరాలను తొట్టిలో ముంచడం పూర్తిగా ఆపి, ఆటోక్లేవ్‌కు మార్చాలన్నారు. ఆ మార్పు పని నాకూ, పెద్ద ఆసుపత్రిలో పరికరాలను శుద్ధి చేసే విభాగమైన సి.ఎస్.ఎస్.డి.లో చాలాకాలం పనిచేసి మా దగ్గరికి వచ్చిన ఒక సీనియర్ టెక్నీషియన్‌కూ అప్పగించారు. మేమందరం ఆయనను అన్నా అనే పిలిచేవాళ్లం.

డిసిన్ఫెక్షన్‌కూ స్టెరిలైజేషన్‌కూ ఉన్న తేడాను అప్పటిదాకా నేను పరీక్షల కోసం చదువుకున్నానే తప్ప పనిలో పట్టించుకోలేదు. డిసిన్ఫెక్షన్ రోగకారక క్రిములలో ఎక్కువ భాగాన్ని చంపుతుంది, కానీ స్పోర్ల రూపంలో గట్టి కవచం కట్టుకుని ఉన్న బ్యాక్టీరియాను వదిలివేయవచ్చు. స్టెరిలైజేషన్ తరువాత ఏ జీవీ మిగలకూడదు. లెక్క ప్రకారం, అలా శుద్ధి చేసిన 10 లక్షల వస్తువులలో ఒకదానిపై ఒక్క క్రిమి బతికి ఉండే అవకాశానికి మించకూడదు. ఏ పరికరానికి ఏది అవసరమో నిర్ణయించడానికి ఎర్ల్ స్పాల్డింగ్ చేసిన విభజననే ఇప్పటికీ అనుసరిస్తారు. చర్మాన్ని కోసుకుని శరీరం లోపలికి, రక్తంలోకి వెళ్లేది స్టెరైల్‌గా ఉండి తీరాలి. నోటి ద్వారా కడుపులోకి వెళ్లే ఎండోస్కోప్‌లా లోపలి పొరలను తాకేదానికి కనీసం ఉన్నత స్థాయి డిసిన్ఫెక్షన్ కావాలి. బి.పి. పట్టీలా మామూలు చర్మాన్ని తాకేదానికి శుభ్రం చేసి తుడిస్తే చాలు. ఈ విభజన ప్రకారం లోపలి భాగాలను పట్టుకునే ల్యాప్రోస్కోపీ గ్రాస్పర్, పొట్టలోకి దారి చేసే ట్రోకార్ మొదటి వర్గానివే. గ్లూటరాల్డిహైడ్‌తో కూడా స్టెరిలైజ్ చేయవచ్చు గానీ అందుకు 10 గంటలు ముంచి ఉంచాలి. మా థియేటర్ ఇచ్చింది 20 నిమిషాలు. పైగా ఆ తరువాత కడిగిన నీరు స్టెరైల్ కాకపోతే, తొట్టిలో చచ్చిన క్రిముల స్థానంలోకి కొత్తవి వచ్చి చేరతాయి.

అయితే, అప్పుడు మా దగ్గర ఉన్న పాత నిలువు ఆటోక్లేవ్‌లో వీటిని పెట్టేయవచ్చు కదా అని నేను అడిగాను.

“పెట్టవచ్చు సిస్టర్, కానీ గొట్టం లోపలి గాలి ఎటు పోతుంది?” అన్నారు అన్న.

ఆటోక్లేవ్ పనితనమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పొడి వేడితో క్రిములను చంపాలంటే 160 డిగ్రీల దగ్గర 2 గంటలు పడుతుంది. అదే ఆవిరి అయితే 121 డిగ్రీల దగ్గర, విడి పరికరాల విషయంలో, 15 నిమిషాలలో చంపుతుంది. వేడిగా ఉన్న గిన్నె పైగాలికి చేయి పెట్టినా తట్టుకోగలం గానీ, ఇడ్లీ పాత్ర మూత తీయగానే తగిలే ఆవిరికి చేయి బొబ్బలెక్కుతుంది. చల్లని వస్తువును తాకిన ఆవిరి అక్కడికక్కడే నీరుగా మారి, తనలో దాచుకున్న వేడినంతా ఆ వస్తువుకు ఇచ్చేస్తుంది కనుక. ఆ వేడీ తేమా కలిసి క్రిమిలోని ప్రొటీన్లను గడ్డకట్టిస్తాయి. నీరుగా మారిన ఆవిరి తన ఘనపరిమాణంలో అతి చిన్న భాగానికి కుదించుకుపోవడంతో ఏర్పడే ఖాళీలోకి వెనుకనున్న ఆవిరి దూసుకువస్తుంది. ఒత్తిడి తనంతట తాను క్రిములను చంపదు. నీటి ఆవిరిని 100 డిగ్రీలకు మించి వేడెక్కనివ్వడమే దాని పని.

ఈ క్రమానికి అడ్డుపడేది గాలి. ఆవిరి తాకవలసిన చోట గాలి నిలిచి ఉంటే అక్కడ నీరు ఏర్పడదు, వేడి చేరదు. 15 పౌండ్ల ఒత్తిడి దగ్గర శుద్ధమైన ఆవిరి 121 డిగ్రీలుంటుంది. పాత్రలోని గాలిలో సగమే బయటికి పోయి ఉంటే అదే ఒత్తిడి దగ్గర వేడి దాదాపు 112 డిగ్రీలే. ఒత్తిడి ముల్లును మాత్రమే చూసి టైమర్ పెట్టేవారికి ఈ తేడా తెలియదు. నిలువు ఆటోక్లేవ్‌లో ఆవిరి పైన చేరి, తనకన్నా బరువైన గాలిని కిందికి నెట్టి బయటికి పంపుతుంది. గిన్నెలకూ విడి కత్తెరలకూ అది సరిపోతుంది. 30 సెంటీమీటర్లకు పైగా పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న గొట్టం లోపలి గాలిని అది నెట్టలేదు.

అందుకని ఆసుపత్రి యాజమాన్యాన్ని ఒప్పించి ప్రీ-వాక్యూమ్ ఆటోక్లేవ్ తెప్పించాం. ఇందులో వాక్యూమ్ పంపు గాలిని లాగుతుంది, కొంత ఆవిరి వస్తుంది, పంపు మళ్లీ లాగుతుంది. ఇలా మూడు నాలుగు సార్లు జరిగాకే అసలు వేడి మొదలవుతుంది. 134 డిగ్రీల దగ్గర మేము 4 నిమిషాలు ఉంచుతాం. ఆ తరువాత ఆవిరిని లాగివేసి ఆరబెట్టే దశ అంతకన్నా ఎంతో ఎక్కువసేపు సాగుతుంది.

యంత్రం వచ్చినంత మాత్రాన పని సగం కూడా కాదని కడిగే గదిలోకి వెళ్లాక తెలిసింది. ఆరిన రక్తం పొర కింద ఉన్న క్రిమిని ఆవిరి చేరలేదు. అన్న గ్రాస్పర్‌ను పిడి, లోపలి కడ్డీ, పై గొట్టంగా మూడు ముక్కలు చేసి చూపించారు. థియేటర్‌లో దానిని విప్పకుండానే ముంచేవారు. ఇప్పుడు కేసు అయిన వెంటనే ఆరకుండా తడిపి తెచ్చి, చల్లని నీటిలో కడిగి, ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టి, గొట్టానికి సరిపడే బ్రష్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు నీటి లోపలే నడుపుతాం. మొదట్లోనే వేడినీరు పోస్తే రక్తంలోని ప్రొటీన్ గడ్డకట్టి లోహానికి అంటుకుపోతుంది. తరువాత అల్ట్రాసోనిక్ క్లీనర్, చివరికి ఆర్.ఓ. నీటితో కడగడం, కంప్రెస్డ్ గాలితో ఆరబెట్టడం. కంటికి శుభ్రంగా కనిపించిన గొట్టంలోకి అన్న 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎక్కించి రెండో చివర చూడమన్నారు. బుడగలు వచ్చాయి, లోపల ఇంకా రక్తం ఉందని అర్థం. మా పాత సెట్‌లోని కొన్ని గొట్టాలు ఎన్నిసార్లు కడిగినా బుడగలు మానకపోవడంతో వాటిని పారవేయవలసి వచ్చింది. నా దృష్టిలో ఈ చవకైన పరీక్షకు దక్కవలసిన గౌరవం దక్కడం లేదు.

కొత్త యంత్రంతో కుదురుకున్నాక ఒక ఉదయం, ఛాంబర్‌లోని గాలి పూర్తిగా పోతోందో లేదో చూపే బోవీ-డిక్ పరీక్ష తప్పింది. ఎడిన్‌బరోలో బోవీ, డిక్ అనే ఇద్దరు 1963లో ప్రకటించిన ఈ పరీక్షను రోజూ మొదటి లోడ్‌కు ముందు, ఖాళీ ఛాంబర్‌లో ఒకే ఒక కట్టను పెట్టి చేస్తారు. 134 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాల తరువాత కట్ట మధ్యలోని కాగితం అంతటా ఒకే రంగుకు మారాలి. ఆ రోజు అంచులు నల్లగా మారి, నడుమ అరచేతి వెడల్పున లేత మచ్చ మిగిలింది. ఆవిరి నలువైపుల నుంచీ తోయగా మిగిలిపోయిన గాలి అక్కడ చేరిందన్నమాట. యంత్రం తెర మీద వేడి, ఒత్తిడి, సమయం అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

“యంత్రం సరిగ్గానే ఉంది కదా, మొదటి కేసుకు ఆలస్యమవుతోంది” అని థియేటర్ నుంచి ఫోన్ వచ్చింది. సర్జన్ గారు కాగితాన్ని స్వయంగా చూసి కేసు వాయిదా వేశారు.

అన్న లీక్ టెస్ట్ పెట్టారు. గాలిని లాగివేసి, వాల్వులన్నీ మూసి, 10 నిమిషాలలో లోపలి ఒత్తిడి ఎంత పెరిగిందో చూస్తారు, నిమిషానికి 1.3 మిల్లీబార్ మించకూడదు. మాకు దానికి ఎన్నో రెట్లు పెరిగింది. లీక్ టెస్ట్ సరిగా వచ్చి బోవీ-డిక్ తప్పి ఉంటే బాయిలర్ నీటిలో కరిగిన వాయువులనో, పంపునో అనుమానించాలి. ఇక్కడ గాలి బయటి నుంచే వస్తోంది. తలుపు సందును మూసి ఉంచే గాస్కెట్‌ను వేలితో తడుముతూ వెళ్లగా కింది మూలలో, ట్రాలీ అంచు ఒరుసుకునే చోట, చిన్న కోత తగిలింది. గాస్కెట్ మార్చాక లీక్ సరిపోయింది, బోవీ-డిక్ కాగితం అంతటా నల్లబడింది.

ముందు రోజు ప్యాకెట్ల సంగతి మిగిలింది. ఆ ఉదయం బోవీ-డిక్ సరిగానే వచ్చింది గానీ, ఆ తరువాత ఏ లోడ్ సమయంలో కోత పడిందో చెప్పలేం. ప్యాకెట్ బయటి టేపు మీద గీతలు కనిపిస్తే అది ఆటోక్లేవ్‌లోకి వెళ్లి వచ్చిందని మాత్రమే అర్థం. అందుకని వాడకుండా ఉన్న గొట్టాల ప్యాకెట్లన్నిటినీ వెనక్కి తెప్పించి మళ్లీ కడగడం నుంచి మొదలుపెట్టాం. ఆ లోడ్లలో ఒకదానిలో పెట్టిన జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్ల సీసా అప్పటికే ఇంక్యుబేటర్‌లో ఉంది. ఆవిరికి అన్నిటికన్నా గట్టిగా నిలిచే స్పోర్లు అవి. ఆటోక్లేవ్ చేయని జత సీసా స్పోర్లు పెరిగి పసుపు రంగుకు తిరిగింది, మా సీసా ఊదారంగులోనే ఉండిపోయింది. ఆ లోడ్ వరకు మేలే జరిగిందని తెలిసినా, తిరిగి చేసిన ప్యాకెట్లను మేము దండగ పనిగా లెక్కించలేదు.

పొట్ట లోపలిని చూపే కొన్ని టెలిస్కోపులు మాత్రం 134 డిగ్రీలను తట్టుకోవు. ఆటోక్లేవ్ చేయవచ్చని తయారీదారు ముద్రించినవాటిని మాత్రమే పెడతాం. మిగిలినవి ఇథిలీన్ ఆక్సైడ్‌కు వెళతాయి, ఆ వాయువు వదిలిపోయేందుకు గంటల తరబడి గాలి ఆడనిచ్చాకే తిరిగి వస్తాయి. గ్లూటరాల్డిహైడ్ తొట్టి కూడా పూర్తిగా పోలేదు. గ్యాస్ట్రోస్కోప్ దానిలోనే శుద్ధి అవుతుంది, ద్రావణం బలాన్ని రోజూ స్ట్రిప్‌తో చూస్తాం.

ఇన్ని తెలిసినా ఆసుపత్రులు తొట్టినే ఎందుకు పట్టుకుని ఉంటాయో లెక్క వేస్తే తెలుస్తుంది. ముంచి తీయడానికి 20 నిమిషాలు. విప్పి కడిగి, ఆరబెట్టి, కట్టి, ఆటోక్లేవ్ చేసి, ప్యాకెట్ చల్లారేదాకా ఆగితే మాకు దాదాపు 3 గంటలు పడుతుంది. వేడి ప్యాకెట్‌ను చల్లని బల్ల మీద పెడితే తడి పట్టి మళ్లీ మొదటికి వస్తుంది. మాకున్న రెండు సెట్లతో ఉదయం రెండు ల్యాప్రోస్కోపీ కేసులే చేయగలిగేవారు. మూడోది మధ్యాహ్నానికి జరిపేవారు. మూడో సెట్ కొనేదాకా ఆపరేషన్ల జాబితా అలాగే నడిచింది.