జిమ్ ఏడాది ఫీజు మధ్యలో ఆపితే ఎంత వెనక్కి రావాలి: నా అనుభవం

డబ్బు ఖాతాలో పడింది. చిరాకు ఇంకా పోలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. నాలాగే ఉద్యోగం ఊరు మారో, మోకాలు నొప్పితోనో ఏడాది మెంబర్‌షిప్ మధ్యలో ఆపాల్సిన వాళ్లకు పనికొస్తుంది.

నాది హైదరాబాద్‌లో తీసుకున్న మెంబర్‌షిప్. 2025 జూన్ 1 నుంచి ఏడాదికి 18,000, దానిమీద అప్పటి జీఎస్టీ 18 శాతం అంటే 3,240. మొత్తం 21,240 ఒకేసారి కట్టాను. అక్టోబర్ ఆఖరుకి విశాఖ బదిలీ. అక్కడ వాళ్లకు బ్రాంచి లేదు. ఐదు నెలలు వాడాను, ఏడు నెలలు మిగిలాయి.

రద్దు చేయమని చెప్పడం తేలికే, కాకపోతే ఎలా చెప్పారన్నది ముఖ్యం. కౌంటర్లో నోటితో చెప్తే చెప్పినట్టు కాదు. లెక్క మొదలయ్యేది మీరు వెళ్లడం మానేసిన రోజు నుంచి కాదు, రద్దు చేయమని రాతపూర్వకంగా తెలియజేసిన రోజు నుంచి. ఆ రోజు వరకు జిమ్ మీకోసం తెరిచే ఉంది కదా, వాళ్ల వాదన అందులో న్యాయమే. కాబట్టి మానేద్దామనుకున్న రోజే మెయిల్ కొట్టండి, అదే విషయం స్పీడ్ పోస్టులో కాగితం మీదా పంపండి. బోర్డు మీది పేరుకు కాదు, మీ ఇన్‌వాయిస్‌లో జీఎస్టీ నంబరు పక్కనున్న పేరుకు పంపాలి. చాలా జిమ్‌లు ఫ్రాంచైజీలు. బోర్డు ఒకరిది, డబ్బు తీసుకున్న సంస్థ ఇంకొకరిది. ఆ నంబరును జీఎస్టీ పోర్టల్లో వెతికితే అసలు పేరు, చిరునామా బయటపడతాయి. తెలంగాణ నంబర్లు 36తో, ఆంధ్రప్రదేశ్‌వి 37తో మొదలవుతాయి.

తర్వాత వాళ్లు మూడు ఎరలు వేస్తారు: ఆరు నెలలు ఫ్రీజ్ చేస్తాం, స్నేహితుడి పేరుకు మార్చుకోండి, ఇంకో బ్రాంచిలో వాడుకోండి. ఊరు వదిలి వెళ్తున్నవాడికి ఇవేవీ పనికిరావు. ఫ్రీజ్‌కు ఒప్పుకుంటే మెంబర్‌షిప్ కొనసాగించినట్టే అంటారు, గడువు దాటాక రీఫండ్ మాటే ఎత్తరు. 'ఇవేవీ వద్దు, రద్దే కావాలి' అని ఒక్క వాక్యం రాసి పంపితే ఆ గొడవ అక్కడితో ఆగుతుంది.

నన్ను అసలు తిప్పలు పెట్టింది లెక్క. 'సెటిల్‌మెంట్ షీట్' అని మేనేజర్ ఒక కాగితం చేతిలో పెట్టాడు. అందులో నాకు రావాల్సింది 2,500. ఎలా అని అడిగితే, వెయిట్లు ఎత్తుతున్న వాళ్లందరికీ వినబడేలా, "సార్, ఏడాది ఆఫర్‌లో చేరి నెలవారీ వాడుకుని పోతామంటే కుదరదు కదా" అన్నాడు. నేనేదో దొంగతనంగా డిస్కౌంట్ కొట్టేసినట్టు!

ఆ కాగితంలో ఉన్న మాయ ఇది. వాళ్ల నెల రేటు 3,000. వాడిన ఐదు నెలలకు ఆ రేటు వేస్తే 15,000. నేను కట్టిన అసలు 18,000లోంచి అది తీసేస్తే 3,000. ప్రాసెసింగ్ చార్జీ అని ఇంకో 500 కోత. 'ప్రభుత్వానికి కట్టేశాం' అంటూ జీఎస్టీని అసలు లెక్కలోకే తీసుకోలేదు. ఇదే లెక్కతో ఆరో నెలలో మానేస్తే చేతికొచ్చేది సున్నా. నెల రేటుతో లెక్కేస్తున్నారో లేదో తెలుసుకోవడానికి దారి అదే: సగం ఏడాది వాడితే ఎంతిస్తారని అడగండి. 'ఏమీ రాదు' అంటే మీ షీట్‌లోనూ అదే మతలబు ఉంది.

అయితే నెల రేటు వేయడం మొత్తంగా తప్పని నేను అనను. ఏడాది ఉంటానన్న మాట మీదే తక్కువ రేటు ఇచ్చారు, మధ్యలో పోతే ఆ రాయితీలో కొంత వెనక్కి అడగడానికి వాళ్లకు ఒక కారణం ఉంది. కానీ రెండు షరతులున్నాయి. మొదటిది, చేరేటప్పుడు సంతకం పెట్టిన ఫారంలో ఆ పద్ధతి రాసి ఉండాలి. నా ఫారంలో 'నాన్ రిఫండబుల్, నాన్ ట్రాన్స్‌ఫరబుల్' అన్న ముక్క తప్ప లెక్క ఎలా కడతారో ఎక్కడా లేదు. తమాషా ఏంటంటే, ట్రాన్స్‌ఫర్ కుదరదని రాసుకున్న వాళ్లే స్నేహితుడి పేరుకు మారుస్తామన్నారు.

రెండోది, రాసి ఉన్నా కోత వాళ్లకు జరిగిన నష్టానికి తగ్గట్టుగానే ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెప్పేది అదే. ఒప్పందంలో ఎంత జరిమానా రాసుకున్నా దక్కేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. ఏడు నెలల పాటు నేను ట్రెడ్‌మిల్ అరగదీయను, లాకర్ వాడను, నా చోట ఇంకొకరిని చేర్చుకోవచ్చు. అలాంటప్పుడు మిగిలిన డబ్బులో ముప్పావు వంతు మింగడానికి లెక్క చూపించాల్సింది వాళ్లే.

నేను ఎదురు లెక్క రాసిచ్చాను. నెలల ప్రకారం సమానంగా చూస్తే 18,000లో పన్నెండింట ఏడు వంతులు, అంటే 10,500. దీన్ని ప్రొరేటా అంటారు, నేను అడిగింది ఇదే. ఇంకో మధ్యే మార్గం కూడా మనసులో పెట్టుకున్నాను. వాళ్ల గోడ మీది రేట్ల పట్టికలో ఆరు నెలల ప్యాకేజీ 12,000. ఐదు నెలలకే మానేసినా నన్ను ఆరు నెలల మెంబర్‌గా లెక్కేసినా 6,000 రావాలి. దానికన్నా తక్కువకు ఒప్పుకోవాల్సిన పనే లేదు. చేరిన రోజే ఆ రేట్ల పట్టిక ఫోటో తీసి పెట్టుకోండి. గొడవ మొదలయ్యాక అందులోని అంకెలు మారిపోతాయి.

విడిగా కట్టిన వాటి సంగతి వేరు. రిజిస్ట్రేషన్ ఫీజు ఒక్కసారి కట్టేది, అది వదులుకోవడమే మంచిది. పర్సనల్ ట్రైనింగ్ మాత్రం సెషన్ల లెక్క, నెలల లెక్క కాదు. ఎన్ని సెషన్లు మిగిలాయో వాళ్ల యాప్‌లోంచి స్క్రీన్‌షాట్ తీసుకోవాలి.

ఇక జీఎస్టీ. ఇక్కడ చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే 'గవర్నమెంటు తీసేసుకుంది' అంటే ఎవరైనా నమ్ముతారు. వాస్తవం ఏమిటంటే, ఇన్‌వాయిస్ ఇచ్చాక సేవ పూర్తిగా అందకుండా ఆగిపోతే జిమ్ ఆ బిల్లు మొత్తాన్ని తగ్గించినట్టు చూపే క్రెడిట్ నోట్ ఇచ్చి, ఆ మేరకు తన పన్ను బాధ్యత తగ్గించుకోవచ్చు. సీజీఎస్టీ చట్టం 34వ సెక్షన్ అందుకే ఉంది. ఒప్పందం రద్దయితే ఇదే పద్ధతి అని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2020 ఏప్రిల్‌లో 137వ నంబరు సర్క్యులర్‌లో చెప్పింది కూడా. ఇన్‌వాయిస్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 వరకు, లేదా అంతకు ముందే వార్షిక రిటర్న్ వేస్తే ఆ తేదీ వరకు, వాళ్లకు గడువుంటుంది. నాకు పన్ను తిరిగిస్తే జిమ్‌కు పోయేది ఏమీ లేదు. ఇవ్వకుండా, క్రెడిట్ నోట్ మాత్రం వేసుకుంటే ఆ డబ్బు వాళ్ల జేబులోకే.

ఇది చెప్పాక కొత్త మెలిక పెట్టారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జిమ్‌ల మీద పన్ను 5 శాతానికి తగ్గింది కాబట్టి 5 శాతమే ఇస్తామన్నారు. అదీ తప్పే. ఇన్‌వాయిస్, చెల్లింపు రెండూ పాత రేటు రోజుల్లోనే జరిగాయి, వాళ్లు కట్టిందీ 18 శాతమే. ఏ ఇన్‌వాయిస్ మీద క్రెడిట్ నోట్ ఇస్తున్నారో దాని రేటే వర్తిస్తుంది. "మీ ఆడిటర్‌ని అడగండి" అన్నాను. అడిగినట్టున్నారు, ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మీ రసీదులో అసలు జీఎస్టీ నంబరే లేకపోతే, వాళ్లు పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. అది ఇంకో పెద్ద ఆయుధం.

అంకెలు తేలినా డబ్బు మాత్రం రాలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. consumerhelpline.gov.in లోనూ పెట్టొచ్చు, ఇన్‌వాయిస్, మెయిల్ రెండూ జతచేయాలి. ఈ హెల్ప్‌లైన్‌కు ఆదేశించే అధికారం లేదు, అవతలివాళ్లకు పంపి జవాబు రాబడుతుంది, అంతే. నా విషయంలో దానికన్నా, నేను మెయిల్‌లో జతచేసిన వినియోగదారుల కమిషన్ ఫిర్యాదు ముసాయిదా పనిచేసింది.

ఆ ముసాయిదాలో చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, మీరు ఉంటున్న ఊరి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. హైదరాబాద్ జిమ్ మీద నేను విశాఖలో వేస్తానంటే వాళ్లే అక్కడిదాకా రావాలి. సేవకు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు, e-jagriti.gov.in లో ఇంట్లోనుంచే వేయొచ్చు. రెండేళ్ల గడువుంది. ముఖ్యమైన జాగ్రత్త ఒకటి: ఫారంలోని షరతు 'అన్యాయమైన ఒప్పందం' కాబట్టి కొట్టేయండి అని జిల్లా కమిషన్‌ను అడగొద్దు. ఆ పేరుతో వచ్చే ఫిర్యాదులు వినే అధికారం రాష్ట్ర కమిషన్, జాతీయ కమిషన్లదే. జిల్లాలో వేసేటప్పుడు సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాసి, రీఫండ్, వడ్డీ, ఖర్చులు అడగాలి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో చాలావరకు ఈ రెండింటినీ కలగాపులగం చేసేస్తాయి.

చివరికి 10,500లో పది శాతం కోతకు నేను ఒప్పుకున్నాను. వెళ్లిపోతున్నది నేను, తప్పు వాళ్లది కాదు, ఆ మాత్రం ఇవ్వొచ్చు. జిమ్ మూసేసో, వేరే చోటికి మార్చేసో ఉంటే పైసా కూడా వదిలేవాణ్ని కాదు. మిగిలింది 9,450, దానిమీద 18 శాతం పన్ను 1,701, మొత్తం 11,151. మొదట ఇస్తానన్నది 2,500 అని గుర్తుంచుకోండి.

ఫీజును ఈఎంఐలో కడుతున్నవాళ్లు మాత్రం రద్దు లేఖ పంపేశాం కదా అని కిస్తీ ఆపకండి. అప్పు ఇచ్చింది ఫైనాన్స్ కంపెనీ, జిమ్ కాదు. సిబిల్ స్కోరు మీదే దెబ్బతింటుంది. జిమ్ ఆ అప్పును మూసేసి, మూసినట్టు ఫైనాన్స్ కంపెనీ లేఖ ఇచ్చేదాకా కట్టాల్సిందే.

డబ్బు వేసేముందు 'పూర్తి సెటిల్‌మెంట్ అందింది' అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. ఖాతాలో పడ్డాకే పెట్టండి, కింద మొత్తం, తేదీ మీ చేత్తో రాయండి. క్రెడిట్ నోట్ కాపీ అడిగి తీసుకోండి. యూపీఐలో ఆటోపే ఒప్పుకుని ఉంటే అది కూడా యాప్‌లోకి వెళ్లి మీరే రద్దు చేసుకోవాలి. జిమ్ చేస్తానంటుంది కానీ చేయదు.