ఒడంబడికలో సంతకం ఎవరిది? హాబ్స్, లాక్, రూసోలను నేను చదివిన తీరు

సివిల్స్ మెయిన్స్‌కు రాజనీతిశాస్త్రం ఆప్షనల్‌గా తీసుకుని తెలుగులో జవాబులు రాస్తున్న మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మొదటి ప్రయత్నంలో సామాజిక ఒడంబడిక మీద నా జవాబులన్నీ ఒకే అచ్చులో ఉండేవి: ముగ్గురూ ప్రకృతి స్థితిని ఎలా వర్ణించారో సగం పేజీ, మానవ స్వభావం గురించి ఇంకొంత, చివర రెండు వాక్యాల్లో రాజ్యం. 10 మార్కుల ప్రశ్నకు దాదాపు 150 పదాలే ఉంటాయి కాబట్టి, అసలు ప్రశ్న అయిన ‘పౌరుడు ఎందుకు లోబడాలి?’ అన్నదాన్ని చేరుకునేలోపే నా చోటు అయిపోయేది. నా జవాబు పత్రం దిద్దిన మాస్టారు మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న రాశారు: ‘ఈ ఒప్పందంలో పాలకుడి సంతకం ఉందా?’ అక్కడి నుంచి నా చదువు దారి మారింది.

హాబ్స్ 1651లో ప్రచురించిన ‘లెవియాథన్’ 17వ అధ్యాయంలో ఒడంబడిక మాటలను స్వయంగా రాసి చూపించాడు. నన్ను నేను పాలించుకునే హక్కును ఈ వ్యక్తికి లేదా ఈ సభకు వదులుకుంటున్నాను, నీవూ అలాగే వదులుకోవాలన్నది షరతు, అని ప్రతి మనిషీ ప్రతి మనిషితో అంటాడు. సార్వభౌముడు ఆ మాటల్లో కనిపిస్తాడు గాని ఏ మాటా ఇవ్వడు. మాట ఇవ్వనివాడు మాట తప్పాడని అనలేము. అందుకే హాబ్స్ దగ్గర ప్రజలకు ఒప్పంద భంగం పేరుతో తిరగబడే హక్కు ఉండదు. అయితే ‘హాబ్స్ నిరంకుశత్వాన్ని సమర్థించాడు’ అని ఇక్కడే ఆపేయడం మనలో చాలామంది చేసే పొరపాటు. 21వ అధ్యాయంలో ఆయన విధేయతకు హద్దు గీశాడు: తమను కాపాడే శక్తి సార్వభౌముడికి ఉన్నంతకాలమే ప్రజల బాధ్యత, ఆపైన లేదు. మరణశిక్ష పడ్డవాడు సైతం తన ప్రాణం కోసం పెనుగులాడవచ్చునని కూడా అక్కడే అన్నాడు, ఎందుకంటే ప్రాణరక్షణ కోసం చేసుకున్న ఒడంబడికలో ప్రాణాన్నే ఎవరూ వదులుకోలేరు.

లాక్ దగ్గర రెండు మెట్లు ఉంటాయి, వాటిని కలిపేస్తే జవాబు చెడుతుంది. మొదట మనుషులు ఒకరితో ఒకరు ఒప్పుకుని ఒక సమాజంగా ఏర్పడతారు. తర్వాత ఆ సమాజం మెజారిటీ నిర్ణయంతో అధికారాన్ని ప్రభుత్వానికి అప్పగిస్తుంది. ఈ రెండవది ఒప్పందం కాదు, ధర్మకర్తకు ఆస్తిని అప్పగించడం వంటి నమ్మకం. గుడి మాన్యాన్ని తన సొంతానికి వాడుకున్న ధర్మకర్తను ఊరివాళ్లు తొలగించినట్టే, ప్రాణాన్ని, స్వేచ్ఛను, ఆస్తిని కాపాడని ప్రభుత్వాన్ని సమాజం తొలగించవచ్చు, అప్పుడు ప్రభుత్వం పోతుంది గాని సమాజం విడిపోదు. హాబ్స్‌కు ఈ వెసులుబాటు లేదు. ఆయన దృష్టిలో సార్వభౌముడు లేకపోతే మిగిలేది సమాజం కాదు, గుంపు.

రూసో పేరు సిలబస్‌లోని పాశ్చాత్య చింతకుల జాబితాలో విడిగా లేకపోయినా, ఆయన్ను వదిలేస్తే పోలిక కుంటుపడుతుంది. 1762లో వచ్చిన ఆయన ‘సోషల్ కాంట్రాక్ట్’ గ్రంథంలో ప్రతి మనిషీ తన సర్వస్వాన్నీ మొత్తం సమాజానికే ఇస్తాడు. ఇచ్చేవారు, పుచ్చుకునేవారు ఒకరే కాబట్టి, చట్టానికి లోబడటమంటే తన ఇచ్ఛకు తాను లోబడటమే. పాలకుడు కేవలం సేవకుడు, అతడితో ఒప్పందమన్న మాటే లేదు.

ఇంతవరకూ ఎవరైనా రాయగలరు. చిక్కు తర్వాతి తరంతో వస్తుంది: నేను ఎక్కడా సంతకం చేయలేదు కదా, నేనెందుకు లోబడాలి? ఇది నాకు పుస్తకంలో కాక మా ఇంట్లో తగిలింది. మా బీరువాలో ఒకే పొలానికి సంబంధించిన రెండు కాగితాలున్నాయి. ఒకటి జార్జి రాజు బొమ్మ ఉన్న స్టాంపు కాగితం మీద తెలుగులో రాసిన దస్తావేజు, రెండవది ఒడియాలో ఉన్న పట్టా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది. ఆ ఉదయం మా ముత్తాత అదే ఇంట్లో లేచి అదే పొలానికి వెళ్లాడు. నిజానికి ఆ రోజు మారినది రాష్ట్రమే, సార్వభౌమాధికారం లండన్‌లోనే ఉంది. అది కూడా 1947లో మారింది, ఆయన అప్పుడూ అక్కడే ఉన్నాడు. ఆయన సమ్మతి ఎక్కడుంది?

దీనికి లాక్ చెప్పే జవాబు అవ్యక్త సమ్మతి. రెండవ ట్రీటైజ్ 119వ పేరాలో ఆయన దీన్ని ఎంత పలచన చేశాడంటే, భూమి అనుభవించడం మాత్రమే కాదు, ఒక వారం బస చేయడం, రహదారిపై స్వేచ్ఛగా ప్రయాణించడం కూడా సమ్మతే. ఆ లెక్కన పొలం దున్నిన రోజునే మా ముత్తాత ఒప్పుకున్నట్టు. కానీ 122వ పేరా కూడా చదవండి: ఒక దేశ చట్టాలకు లోబడి అక్కడ నిశ్శబ్దంగా బతికినంత మాత్రాన మనిషి ఆ సమాజ సభ్యుడు కాడని అదే లాక్ అంటాడు, దానికి వ్యక్త సమ్మతి కావాలి. అంటే అవ్యక్త సమ్మతి విధేయతను ఇస్తుంది, సభ్యత్వాన్ని ఇవ్వదు. ఈ తేడా నాకు రెండేళ్ల తర్వాతే అర్థమైంది. కోరాపుట్ జిల్లాలోని కొటియా గ్రామాలను చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఒడిశా, ఆంధ్ర రెండూ తమవేనంటున్న ఆ ఊళ్లలో ఒకే కుటుంబానికి రెండు వైపుల రేషన్ కార్డులు ఉంటాయి, రెండు వైపులా ఓటు వేసినవారూ ఉన్నారు. ప్రయోజనం పొందడమే సమ్మతి అయితే వారు రెండు ప్రభుత్వాలకు ఒకేసారి సమ్మతించినట్టు. రెండు రాష్ట్రాలూ ఒకే రాజ్యాంగం కింద ఉన్నాయి కాబట్టి ఈ ఉదాహరణతో భారత రాజ్యానికి విధేయతను ప్రశ్నించలేము. లాక్ కొలబద్ద ఎంత వదులుగా ఉందో చూపడానికి మాత్రమే వాడండి.

ఈ అవ్యక్త సమ్మతి వాదంపై గట్టి దెబ్బ హ్యూమ్ వేశాడు, 1748 నాటి వ్యాసంలో. పరభాష రాని, రోజు కూలితో బతికే పేదవాడికి దేశం విడిచిపోయే స్వేచ్ఛ ఉందని అనడం, నిద్రలో ఓడ ఎక్కించిన మనిషి ఓడలోనే ఉన్నాడు కాబట్టి కెప్టెన్‌కు సమ్మతించాడని అనడమే, దిగాలంటే అతడు సముద్రంలో దూకాలి. రూసో కూడా నివాసమే సమ్మతి అంటాడు గాని, వెంటనే అధోసూచికలో, ఇది స్వేచ్ఛాయుత రాజ్యానికే వర్తిస్తుందని, అలా కాని రాజ్యంలో కుటుంబం, ఆస్తి, పోవడానికి దిక్కులేకపోవడం మనిషిని కట్టి ఉంచవచ్చునని ఒప్పుకుంటాడు. ఆ అధోసూచికను పట్టుకున్న జవాబుకు బలం వస్తుంది.

హాబ్స్‌ను ఇదే ప్రశ్న అడిగితే ఆయనకు ఇబ్బందే లేదు. భయంతో ఇచ్చిన సమ్మతి కూడా చెల్లుతుంది, కాపాడేవాడికి లోబడాలి, అంతే. రెండోసారి నేను రాసిన జవాబు మా ముత్తాత పొలంతో కాక ఈ తేడాతోనే మొదలైంది: హాబ్స్ రక్షణను అడుగుతాడు, లాక్ సమ్మతిని అడిగి దాన్ని రహదారి ప్రయాణం దాకా సాగదీస్తాడు, రూసో చట్టం చేయడంలో నీ పాలు ఎంత అని అడుగుతాడు. 1936లో మా ముత్తాతను ఈ మూడవ ప్రశ్న అడిగినవారు ఎవరూ లేరు.