11 కేవీ టెర్మినల్ దగ్గర ఒక ఫేజు ఎర్త్ అయితే ఎన్ని ఆంప్స్? నేను వేసిన లెక్క

గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో 33/11 కేవీ సబ్‌స్టేషన్‌కి రిలే సెట్టింగులు ఇచ్చే పని నాకు పడింది. 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్, నేమ్‌ప్లేట్ మీద Dyn11, ఇంపిడెన్స్ 7.15%, 11 కేవీ న్యూట్రల్ నేరుగా ఎర్త్ చేసేశారు. త్రీ ఫేజ్ ఫాల్ట్ లెక్క ఎవరైనా రెండు నిమిషాల్లో వేస్తారు, కానీ నిజంగా ఎక్కువగా వచ్చేది మాత్రం ఒక్క ఫేజు భూమికి తగలడమే కదా, దానికి సిమెట్రికల్ కాంపోనెంట్స్ తియ్యక తప్పదు. కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన చాప్టర్ ఇది, చేతిలో నిజం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నప్పుడు వేరేగా కనిపిస్తుంది.

ఐడియా ఇంతే. సమానంగా లేని మూడు ఫేజుల కరెంట్లని మూడు రకాల సమానమైన సెట్లుగా విడగొట్టొచ్చని 1918లో ఫోర్టెస్క్యూ చూపించాడు. ఒక సెట్ మామూలు R-Y-B ఆర్డర్లో తిరిగేది, అది పాజిటివ్ సీక్వెన్స్. రెండోది తిరగబడిన ఆర్డర్, నెగటివ్. మూడోదాంట్లో మూడు ఫేజులూ ఒకేసారి ఒకే దిక్కులో, అది జీరో సీక్వెన్స్, దానికి తిరిగి వెళ్ళే దారి న్యూట్రల్ లేదా భూమి ఉండాలి. మన ఫాల్ట్‌లో (లోడ్ కరెంటు పక్కన పెడితే) R ఫేజులోనే కరెంటు, Y, B రెండూ సున్నా. ఆ షరతు పెట్టి చూస్తే మూడు కాంపోనెంట్లూ సమానంగా వస్తాయి, ఒక్కోటి ఫాల్ట్ కరెంటులో మూడో వంతు. అంటే మూడు నెట్‌వర్కులూ సిరీస్‌లో కలిపేసినట్టే.

```
I1 = I2 = I0 = V / (Z1 + Z2 + Z0 + 3Rf)
If = 3 × I0
```

ఇక విలువలు. బేస్ 5 ఎంవీఏ తీసుకున్నా, 11 కేవీ వైపు బేస్ కరెంటు 262.4 ఆంప్స్. 33 కేవీ బస్ ఫాల్ట్ లెవెల్ 500 ఎంవీఏ అని ఇచ్చారు, కాబట్టి సోర్స్ 5/500 = 0.01 పర్ యూనిట్, ట్రాన్స్‌ఫార్మర్ 0.0715, కలిపి 0.0815. నెగటివ్ కూడా అంతే, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఫేజులు ఏ ఆర్డర్లో తిరిగినా తేడా తెలీదు. రెసిస్టెన్స్ చిన్నది కాబట్టి వదిలేసి అంతా రియాక్టెన్స్ అనే పట్టుకున్నా.

ఆగాల్సింది జీరో సీక్వెన్స్ దగ్గర. ముందు కన్సల్టెంట్ ఇచ్చిన షీట్‌లో Z0కి కూడా సోర్స్ కలిపేసి 0.0815 పెట్టి ఉంది, దాంతో ఎర్త్ ఫాల్ట్, త్రీ ఫేజ్ ఫాల్ట్ రెండూ సరిగ్గా 3220 ఆంప్సే వచ్చాయి. ఇలా రెండు అంకెలూ అచ్చం ఒకటే వస్తే అనుమానించాల్సిందే. 33 కేవీ వైపు డెల్టా కదా, జీరో సీక్వెన్స్ కరెంటు ఆ డెల్టా లోపలే తిరుగుతుంది గానీ లైన్లోకి రాదు, అంటే సోర్స్ జీరో సీక్వెన్స్ ఎంతైనా మనకి సంబంధం లేదు, Z0లో ఉండేది ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే.

అది కూడా 7.15% అని కళ్ళు మూసుకుని పెట్టక్కర్లేదు, కొలవొచ్చు. మూడు లింబుల కోర్ అయితే ఆ ఫ్లక్స్ కొంత ట్యాంక్ గుండా వెళ్తుంది కాబట్టి Z0 మామూలుగా కొంచెం తక్కువే వస్తుంది. షట్‌డౌన్ తీసుకుని రెండు వైపులా కేబుళ్ళు విప్పించి, డిస్చార్జ్ చేశాక, 11 కేవీ మూడు బుషింగులూ ఒక రాగి తీగతో కలిపేశాం, న్యూట్రల్ ఎర్త్ స్ట్రిప్ కూడా విప్పాం. కలిపిన చోటికీ న్యూట్రల్‌కీ మధ్య వేరియాక్‌తో సింగిల్ ఫేజ్ సప్లై మెల్లగా పెంచాం. నేరుగా 230 వోల్ట్లు పెడితే నాలుగు వందల ఆంప్స్ లాగుతుంది, జాగ్రత్త. 15 వోల్ట్ల దగ్గర క్లాంప్ మీటర్ 28.5 ఆంప్స్ చూపించింది. ఆ కరెంటు మూడు వైండింగుల్లో పంచుకుంటుంది కాబట్టి ఫేజుకి Z0 = 3 × 15 / 28.5 = 1.58 ఓమ్స్. బేస్ ఇంపిడెన్స్ 24.2 ఓమ్స్, కాబట్టి 0.0652 పర్ యూనిట్.

```
Z1 + Z2 + Z0 = 0.0815 + 0.0815 + 0.0652 = 0.2282
I0 = 1 / 0.2282 = 4.38 pu
If = 3 × 4.38 = 13.15 pu = 3450 A
```

త్రీ ఫేజ్ కంటే సింగిల్ ఫేజ్ ఫాల్టే ఎక్కువ! డెల్టా స్టార్ ట్రాన్స్‌ఫార్మర్ సాలిడ్‌గా ఎర్త్ అయినప్పుడు టెర్మినల్ దగ్గర ఇది మామూలే, ఫీడర్ మీద దూరం వెళ్ళేకొద్దీ లైన్ జీరో సీక్వెన్స్ పెద్దది కాబట్టి తారుమారవుతుంది. సరిచూసుకోడానికి ఫాల్ట్ ఫేజు వోల్టేజ్ వేస్తా నేను ఎప్పుడూ: 1 లోంచి మూడు డ్రాపులు (0.357, 0.357, 0.286) తీసేస్తే సున్నా రావాలి, వచ్చింది.

అసలు మజా ఇక్కడి నుంచి. మిల్లు ఎలక్ట్రికల్ ఇంచార్జి గారు అన్నారు, "33 కేవీ ప్యానెల్లో ఎర్త్ ఫాల్ట్ రిలే ఉందిగా సార్, 11 కేవీ టెర్మినల్ దగ్గరేం జరిగినా అది చూసుకుంటుంది కదా" అని. "చూడదండీ, జీరో సీక్వెన్స్ అటు వెళ్తేనే కదా చూడ్డానికి" అన్నా. 33 కేవీ వైపుకి దాటేది పాజిటివ్, నెగటివ్ రెండే, వాటికి చెరో వైపు 30 డిగ్రీలు తిరిగాక కలిపితే రెండు లైన్లలో √3 × 4.38 = 7.59 పర్ యూనిట్, మూడో లైన్లో సున్నా. బేస్ 87.5 ఆంప్స్, అంటే 664 ఆంప్స్. కింద త్రీ ఫేజ్ ఫాల్ట్ అయితే పైన 1073 కనిపిస్తుంది. కింద ఎక్కువున్న ఫాల్టు పైన తక్కువగా కనబడుతుంది, అదీ లైన్ టు లైన్ ఫాల్ట్ లాగా.

664 ఉంటే ఓవర్‌కరెంట్ రిలేకి పర్లేదు, పట్టుకుంటుంది. కానీ అది ఫాల్ట్ దగ్గర రెసిస్టెన్స్ లేనప్పుడు. 10 ఓమ్స్ ఉందనుకోండి, 3Rf = 30/24.2 = 1.24 పర్ యూనిట్. ఇది రెసిస్టెన్స్, మిగతాది రియాక్టెన్స్, కాబట్టి మామూలుగా కూడకూడదు, స్క్వేర్ రూట్ తియ్యాలి, మొత్తం 1.26. ఫాల్ట్ కరెంటు 625 ఆంప్స్, 33 కేవీ లైన్లలో 120 మాత్రమే. ఫుల్ లోడే 87.5! పికప్ 105 ఆంప్స్ పెట్టి, స్టాండర్డ్ ఇన్వర్స్ కర్వ్‌లో టైమ్ మల్టిప్లయర్ 0.2 అయితే పది సెకన్లు దాటుతుంది, అప్పటికే లోడ్ కరెంటు ఉంటే అది కూడా కలిసి కొంత తగ్గుతుందేమో గానీ దాని మీద ఆధారపడలేం.

అదే 625 ఆంప్స్ న్యూట్రల్ గుండా మాత్రం పూర్తిగా తిరిగి వస్తుంది. అందుకే న్యూట్రల్ బుషింగ్ సీటీ మీద స్టాండ్‌బై ఎర్త్ ఫాల్ట్ రిలే పెట్టమని రాశా, పికప్ 60 ఆంప్స్, కింద ఫీడర్ల ఎర్త్ ఫాల్ట్ రిలేలు ముందు పడేలా టైమ్ గ్రేడింగ్ ఇచ్చి. టెర్మినల్‌కీ 11 కేవీ బ్రేకర్‌కీ మధ్య ఫాల్ట్ అయితే ఆ బ్రేకర్ తెరిచినా లాభం లేదు, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా పైనుంచి ఫీడ్ చేస్తూనే ఉంటుంది, కాబట్టి ఈ రిలే ట్రిప్ 33 కేవీ బ్రేకర్‌కి కూడా వెళ్ళాలి. డ్రాయింగ్‌లో ఆ వైరు లేదు, రెండు ప్యానెళ్ళ మధ్య కంట్రోల్ కేబుల్లో స్పేర్ కోర్లు దొరికాయి కాబట్టి ఆ రోజే లాగించి, రిలేకి సెకండరీ ఇంజెక్షన్ చేసి, 33 కేవీ బ్రేకర్ ట్రిప్ అయ్యాకే సంతకం పెట్టా.