మునిగిన లేబుల్

నీళ్ల తొట్టిలో మూత ముక్కలు పైకి తేలాయి, సీసా ముక్కలు అడుగుకు దిగాయి. తేలుతాయనుకున్న లేబుల్ ముక్కలు కూడా సీసాతోపాటే మునిగిపోయాయి. జీడిమెట్లలోని ఒక రీసైక్లింగ్ యూనిట్‌లో మా జ్యూస్ సీసా నమూనాను ఈ రోజు ముక్కలు చేయించి చూశాము.

సీసా పెట్ అనే ప్లాస్టిక్‌ది, దానికి తొడిగిన లేబుల్ పీవీసీ అనే మరో ప్లాస్టిక్‌ది. రెండూ నీటికంటే బరువైనవే కాబట్టి తొట్టి వాటిని వేరు చేయలేదు. పెట్‌ను కరిగించే దాదాపు 270 డిగ్రీల వేడికి పీవీసీ మాడి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని వదులుతుంది. దానివల్ల పెట్ బలం తగ్గి, పసుపు తిరిగి, అక్కడక్కడా నల్లమచ్చలు పడతాయి. "పిడికెడు కలిసినా బస్తా పాడైనట్టేనండీ," అన్నారు అక్కడి సూపర్‌వైజర్ గారు.

అందుకే తొడుగు మానేసి, నీటిపై తేలే పాలీప్రొపిలీన్ లేబుల్‌ను చుట్టి, అంచున మాత్రమే జిగురు పూయాలని నిర్ణయించాము. ఆ జిగురు కూడా వేడి కాస్టిక్ సోడా నీటిలో వదిలిపోయే రకమే కావాలి. మొండి జిగురైతే లేబుల్ సగం చిరిగి, ముక్కకు అంటుకునే మునుగుతుంది.

ఇక మార్కెటింగ్ వారు ముచ్చటపడుతున్న నల్ల సీసా మిగిలింది. నలుపు కోసం కలిపే కార్బన్ బ్లాక్ అనే రంగుపొడి పరారుణ కాంతిని పీల్చేసుకుంటుంది కనుక, ఆ కాంతితో ప్లాస్టిక్ రకాన్ని గుర్తించే యంత్రానికి అటువంటి సీసా కనిపించదు. నలుపు అంత తప్పనిసరైతే లేబుల్ మీద వేసుకోమన్నాను.