ఎంఓయూలో తప్పుకునే దారి రాయడం: నా అనుభవం

ఆ ఉత్తరం మీద తేదీ మార్చి 3. నా చేతికి వచ్చింది 12న. మా కాలేజీలో అంతకుముందే పని మానేసి వెళ్లిపోయిన ఒక కోఆర్డినేటర్ పేరు మీద పంపారు కాబట్టి, అది తొమ్మిది రోజులు ఎవరి టేబుల్ మీదో పడి ఉంది. మాతో అవగాహన ఒప్పందం, అంటే ఎంఓయూ, ఉన్న ఒక పరిశోధన సంస్థ రాసిన ఉత్తరం అది. ఒప్పందం నుంచి తప్పుకుంటున్నామని, 30 రోజుల తర్వాత అది అమల్లో ఉండదని అందులో ఉంది.

అప్పటికి మా చివరి సెమిస్టర్ పిల్లలు 11 మంది వాళ్ల ల్యాబ్‌లో ప్రాజెక్టులు చేస్తున్నారు. జనవరి 2న మొదలుపెట్టారు, జూన్ 30కి పూర్తి కావాలి. శాంపిళ్లు వాళ్ల ఫ్రీజర్లో ఉన్నాయి. మా కాలేజీ మైక్రోస్కోపులు రెండు కూడా అక్కడే ఉన్నాయి. ఎంఓయూ తీసి చూస్తే తప్పుకోవడం గురించి ఒక్కటంటే ఒక్కటే వాక్యం: ఏ పక్షమైనా 30 రోజుల నోటీసు ఇచ్చి ఒప్పందాన్ని ముగించవచ్చు. ఆ 30 రోజులు ఉత్తరం రాసిన రోజు నుంచా, అందిన రోజు నుంచా? మధ్యలో ఉన్న పిల్లల సంగతేంటి? శాంపిళ్లు ఎవరివి? వీటిలో దేనికీ అందులో జవాబు లేదు. పిల్లలకు వేరే వేరే చోట్ల సీట్లు వెతికి ఎలాగో గట్టెక్కించాం కానీ నలుగురు ప్రాజెక్టు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

తర్వాతి ఏడాది ఇంకో పరిశోధన సంస్థతో కొత్త ఎంఓయూ అనుకున్నప్పుడు డ్రాఫ్ట్ రాసే పని నాకే పడింది. నేను లాయర్‌ని కాదు, పాఠాలు చెప్పుకునే మనిషిని. పాత ఎంఓయూనే ముందు పెట్టుకుని, ఎక్కడెక్కడ దెబ్బ తిన్నామో ఎర్ర పెన్నుతో గీస్తూ మొదలుపెట్టాను.

మొదట కనిపించిన రోగం: ఎవరు చేస్తారో చెప్పని వాక్యాలు. అది ఇంగ్లిష్‌లో రాసిన పత్రం. 'అవసరమైన శిక్షణ షల్ బీ ప్రొవైడెడ్' అని ఉంది. చదవడానికి గంభీరంగానే ఉంటుంది. ఒకరోజు ఊరికే ఆ వాక్యాలను తెలుగులో రాసుకుని చూశాను. 'శిక్షణ ఇస్తారు' అని రాయగానే, 'ఎవరు?' అని నన్ను నేనే అడిగాను. నిజానికి భద్రతా శిక్షణ ల్యాబ్ ఇస్తుందని మేము, కాలేజీలోనే ఇచ్చి పంపుతారని వాళ్లు అనుకుని, రెండేళ్లు ఎవరూ ఇవ్వలేదు. 'విద్యార్థుల భద్రతకు ఇరు సంస్థలూ బాధ్యత వహిస్తాయి' అన్న వాక్యం అంతకన్నా ప్రమాదం. ఇద్దరిదీ అని రాస్తే ఆచరణలో అది ఎవరిదీ కాదు.

అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ప్రతి పనికీ కర్త ఒక్కరే ఉండాలి, ఎప్పటిలోగా అన్నది ఉండాలి, అది జరగకపోతే ఏమవుతుందో ఉండాలి. భద్రత వాక్యం ఇలా విడిపోయింది: విద్యార్థులకు ప్రమాద బీమా కాలేజీ తీసుకుంటుంది, ప్రాజెక్టు మొదలయ్యే రోజుకు ముందే దాని నకలు ల్యాబ్‌కు పంపుతుంది. మొదటి మూడు రోజుల్లో భద్రతా శిక్షణ ల్యాబ్ ఇస్తుంది. శిక్షణ హాజరు పట్టీలో సంతకం లేని విద్యార్థి ల్యాబ్‌లో పనిచేయకూడదు. ఆ మూడో వాక్యమే శిక్షణను నడిపిస్తుంది. అది లేకపోతే పని జరిగిందో లేదో ఎవరూ చూడరు.

విద్యార్థుల ఎంపిక దగ్గర కొంచెం ఆగాల్సి వచ్చింది. కాలేజీ నవంబర్ 1లోగా జాబితా పంపుతుంది, ల్యాబ్ నవంబర్ 20లోగా ఎవరిని తీసుకుంటుందో చెబుతుంది. ఇక్కడిదాకా బాగానే ఉంది. మరి వాళ్లు ఏమీ చెప్పకపోతే? జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని రాద్దామన్నాను. అవతలి సంస్థ డైరెక్టర్ నవ్వి, 'మా దగ్గర బల్లలు ఆరే ఉంటే మీరు పదిహేను మందిని పంపితే, మేం ఒక మెయిల్ చూడనందుకు తొమ్మిది మంది నిలబడి పనిచేస్తారా సార్?' అన్నారు. నిజమే. జవాబు రాకపోతే ఒప్పుకోనట్టే అని మార్చాం. మౌనానికి ఏదో ఒక అర్థం రాసి ఉంచితే చాలు, అది మనకు అనుకూలమైన అర్థమే కానక్కర్లేదు. నవంబర్ 21న మేము వేరే చోటు వెతుక్కోవచ్చు.

ఇక కాలపరిమితి. 'మూడేళ్లు' అని రాసేసి సంతోషపడ్డాను. మా కాలేజీ లీగల్ సలహాదారు మేడమ్ డ్రాఫ్ట్ చూసి, 'ఏ రోజు నుంచి?' అన్నారు. మా ప్రిన్సిపాల్ జూన్ 4న సంతకం పెట్టేలా ఉన్నారు, వాళ్ల డైరెక్టర్ ఊరు నుంచి వచ్చాక జూన్ 21న పెడతారు, ఫొటోలు, శాలువాలతో సభ జూలై 1న. మూడు తేదీల్లో ఏది? 'చివరి సంతకం పడిన తేదీ' అని రాసి, సంతకాల పక్కనే తేదీ వేయడానికి గీతలు గీయించారు మేడమ్. సభ జరిగిన రోజుకు ఒప్పందంతో సంబంధం లేదు.

అంటే జూన్ 21 నుంచి మూడేళ్లు, ముగిసేది జూన్ 20. చివరి బ్యాచ్ ప్రాజెక్టు అయ్యేది జూన్ 30. పది రోజులు ఒప్పందం లేకుండా పిల్లలు ల్యాబ్‌లో ఉంటారు! క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీసుకునేదాకా ఇది ఎవరికీ తట్టలేదు. పొడిగింపు దానంతటదే జరిగిపోయేలా రాస్తే ఈ బాధ ఉండదు కానీ, అలా రాసినవి ఎవరూ పట్టించుకోకుండా ఏళ్ల తరబడి బతికేస్తాయి. రాతపూర్వకంగా ఇద్దరూ ఒప్పుకుంటేనే పొడిగింపు అని ఉంచి, ఆ పది రోజుల సంగతి తప్పుకునే నిబంధనలో చూద్దామనుకున్నాం.

ఎక్కువ టెన్షన్ పడింది ఆ నిబంధన దగ్గరే. మొదట నోటీసు గడువు 30 నుంచి 90 రోజులకు పెంచాను. పెంచి, పాత కథను దానిలో పెట్టి చూశాను. మార్చి 12న నోటీసు అందితే 90 రోజులు జూన్ 10కి అయిపోతాయి. ఇంకా ఇరవై రోజుల ప్రాజెక్టు మిగిలే ఉంది. జనవరి 10న ఇస్తే ఏప్రిల్ 10తో అంతా బంద్. గడువు ఎంత పెంచినా, ఆరు నెలల పని మధ్యలో ఎక్కడో తెగుతూనే ఉంటుంది. 180 రోజుల నోటీసు అంటే డైరెక్టర్ ఒప్పుకోరు, ఆయన స్థానంలో నేనైనా ఒప్పుకోను.

అప్పుడు అర్థమైంది, ఒకే వాక్యంలో రెండు వేరు వేరు సంగతులు ఇరికిస్తున్నామని. సంస్థల మధ్య ఒప్పందం ముగియడం ఒకటి, మొదలైన పని ముగియడం ఇంకొకటి. రెండింటినీ విడదీసి రాశాం. నోటీసు అందిన రోజు నుంచి కొత్త విద్యార్థులెవరినీ తీసుకోరు. 90 రోజులకు ఒప్పందం ముగుస్తుంది. అయితే అప్పటికే మొదలైన ప్రాజెక్టులకు మాత్రం, అవి పూర్తయ్యేదాకా గానీ ముగింపు తర్వాత 120 రోజులదాకా గానీ, ఏది ముందైతే అంతవరకు, ఇద్దరి బాధ్యతలూ అలాగే కొనసాగుతాయి. ఆ 120 గాల్లోంచి తెచ్చింది కాదు. నోటీసుకు ముందురోజు మొదలైన ప్రాజెక్టుకు సుమారు 180 రోజులు కావాలి. 90కి 120 కలిపితే 210. అంటే నెల రోజుల వెసులుబాటు ఉంటుంది, అవతలివాళ్లకు అంతులేని బాధ్యతా ఉండదు.

మేడమ్ దీన్ని రెండుసార్లు చదివి ఒక మాట కింద గీత గీశారు. 'ఒప్పందం రద్దయినప్పుడు' అని రాశాను. 'రద్దు చేయడం వేరు, గడువు తీరిపోవడం వేరు. మీ జూన్ 20కి ఎవరూ రద్దు చేయరు, దానంతటదే తీరిపోతుంది. అప్పుడు మీ నిబంధన పనిచేయదు' అన్నారు. 'రద్దయినా, గడువు తీరినా' అని మార్చాం. చిన్న మాటే గానీ పది రోజుల సమస్య దానితోనే తీరింది.

ఇంకోటి నేనే పట్టుకున్నాను, కాస్త గర్వంగానే చెబుతున్నాను. పరికరాల పేరాలో, ఒప్పందం ముగిసిన 30 రోజుల్లో మైక్రోస్కోపులు తిరిగి ఇవ్వాలని పాత పత్రంలోని వాక్యం అలాగే ఉండిపోయింది. పిల్లలేమో ఇంకా 120 రోజులదాకా వాటితోనే పనిచేస్తుంటారు! దాన్ని 'చివరి ప్రాజెక్టు ముగిసిన 15 రోజుల్లో' అని మార్చాను. ముగింపు తేదీని పట్టుకుని వేలాడే ప్రతి వాక్యాన్నీ వెతికితే ఇలాంటివి మూడు దొరికాయి.

ఇది ఎంఓయూయే కదా, కట్టుబడాల్సిన అవసరం ఉంటుందా అని మా ప్రిన్సిపాల్ అడిగారు. పైన ఏ పేరు పెట్టినా, తేడా వస్తే చూసేది లోపల ఏం రాసుకున్నారన్నదేనని మేడమ్ చెప్పారు. అందుకే కలిసి సదస్సులు పెట్టుకోవడం లాంటివి ఉద్దేశాలు మాత్రమేనని, విద్యార్థుల భద్రత, గోప్యత, శాంపిళ్లు, తప్పుకోవడం గురించినవి కట్టుబడాల్సినవని ఒక పేరాలో విడిగా రాశాం. నోటీసు మనిషి పేరు మీద కాకుండా రిజిస్ట్రార్ పదవికి, ఆఫీసు మెయిల్‌కు కూడా పంపాలని, అందిన రోజు నుంచే లెక్క అని చేర్చాం.

రెండో ఏడాది ఫిబ్రవరి 9న నిజంగానే నోటీసు వచ్చింది. గొడవేం లేదు, వాళ్లు ల్యాబ్‌ను వేరే భవనానికి మారుస్తున్నారు. మే 10న ఒప్పందం ముగిసింది. ఏడుగురు పిల్లలు జూన్ 30 వరకు అక్కడే పనిచేసి పూర్తి చేశారు. మైక్రోస్కోపులు జూలై రెండో వారంలో వచ్చేశాయి.

ఆగస్టులో మాత్రం ఒక కన్నం బయటపడింది. ఇద్దరి రిపోర్టుల్లో పరీక్షకులు సవరణలు అడిగారు, సవరించినదాని మీద ల్యాబ్ గైడ్ సంతకం కావాలి. ప్రాజెక్టు పూర్తవడంతో గైడ్ బాధ్యత కూడా అయిపోయింది. 'ప్రాజెక్టు పూర్తి' అంటే ల్యాబ్ పని పూర్తవడమా, ఫలితాలు రావడమా అని మేము ఎక్కడా రాయలేదు. గైడ్ మంచి మనిషి కాబట్టి పిలిచి సంతకం పెట్టారు. ఇప్పుడు రాస్తున్న మూడో ఎంఓయూలో నిర్వచనాల పేరాలో మొదటి మాట అదే: ప్రాజెక్టు పూర్తవడమంటే యూనివర్సిటీ ఆ విద్యార్థి ఫలితం ప్రకటించడం. దీంతో 120 రోజుల లెక్క మళ్లీ వేసుకోవాల్సి వచ్చింది. మైక్రోస్కోపుల వాక్యాన్ని మాత్రం ల్యాబ్ పని ముగిసిన రోజుకే కట్టాను, లేకపోతే ఫలితాలు వచ్చేదాకా అవి అక్కడే ఉండిపోతాయి.