క్లాసులు పోయాయి, రెండు వారాలే ఉన్నాయి: ఇంజనీరింగ్ మ్యాథ్స్ ఇలా గట్టెక్కింది

నాన్న ఆపరేషన్ కోసం సెమిస్టర్‌లో చాలాభాగం విశాఖపట్నంలోనే ఉండిపోయాను. పర్లాకిమిడికి తిరిగొచ్చేసరికి మ్యాథ్స్ పరీక్షకు రెండు వారాలే ఉంది. నాలాగే క్లాసులు పోగొట్టుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

పుస్తకం తెరిచే ముందు ఆఫీసుకు వెళ్లి హాజరు సంగతి తేల్చుకోండి. చాలా కాలేజీల్లో 75 శాతం అడుగుతారు. తగ్గితే మెడికల్ సర్టిఫికెట్‌తో మినహాయింపు అడగొచ్చు, కానీ దానికి ఒక హద్దు, గడువు ఉంటాయి. హాల్ టికెట్ చేతికొస్తుందో లేదో తెలియకుండా చదువుకు కూర్చుంటే మనసు నిలవదు.

తర్వాత పాత ప్రశ్నపత్రాలు. సీనియర్ అన్నయ్యల దగ్గర దొరికినవన్నీ తెచ్చి, ఏ యూనిట్ నుంచి ఏ రకం లెక్క వచ్చిందో ఒకే కాగితం మీద రాసుకున్నాను. మాది 70 మార్కుల పేపర్, ఐదు యూనిట్లు. ప్రతి యూనిట్‌లోనూ రెండు ప్రశ్నల్లో ఒకటి రాయాలి. నేను మూడు యూనిట్లు పట్టుకున్నాను: అవకలన సమీకరణాలు, లాప్లాస్, విలోమ లాప్లాస్. ఫోరియర్ సిరీస్ వదిలేశాను. అది కష్టమని కాదు, ఒక్కో లెక్కలో ఇంటిగ్రేషన్ చాలా పొడవుగా సాగుతుంది. తక్కువ రోజుల్లో చెయ్యి తిరగదు.

ఈ మూడే ఎందుకంటే, ఒకే లెక్కను రెండు దారుల్లో చేసి జవాబు సరిచూసుకోవచ్చు. క్లాసు వినని మనకు తప్పు చూపించే మాస్టారు పక్కన ఉండరు కదా, ఆ పని రెండో పద్ధతి చేస్తుంది.

మొదటి వారంలో రెండు రోజులు పాక్షిక భిన్నాలకే ఇచ్చాను. లాప్లాస్ రాదనుకునేవాళ్లలో చాలామందికి నిజానికి రానిది ఇదే. మిగతా రోజులు సూత్రాల పట్టిక, లాప్లాస్ లెక్కలు. పట్టికను పొద్దున్నే చూడకుండా రాసి, తర్వాత పుస్తకంతో పోల్చుకునేవాణ్ణి. కళ్లతో చదివితే అంతా వచ్చినట్టే అనిపిస్తుంది, పెన్ను పట్టుకుంటేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఒక లెక్క చూడండి: y'' − 3y' + 2y = e^(3t), y(0) = 1, y'(0) = 0. లాప్లాస్ తీస్తే

s²Y − s − 3(sY − 1) + 2Y = 1/(s − 3)

సర్దితే Y = (s² − 6s + 10) / ((s − 1)(s − 2)(s − 3)). విడగొడితే 5/2, −2, 1/2 వస్తాయి. కాబట్టి

y = (5/2)e^t − 2e^(2t) + (1/2)e^(3t)

ఇక్కడ ఎక్కువగా జారేది −3(sY − 1) దగ్గర. బ్రాకెట్ విప్పితే +3 రావాలి, తొందరలో −3 పడుతుంది. అప్పుడు జవాబు (−7/2)e^t + 4e^(2t) + (1/2)e^(3t) అవుతుంది. ఇందులో t = 0 పెట్టి చూడండి, 1 వస్తుంది, అంతా సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ y'(0) చూస్తే సున్నా బదులు 6 వస్తుంది. అందుకే y(0) ఒక్కటి చూసి ఆగకండి, రెండూ చూడండి. అర నిమిషం పని, మొత్తం ప్రశ్న మార్కులు నిలబడతాయి.

రెండో వారం మొదట్లో అవకలన సమీకరణాల యూనిట్ తీశాను. పై లెక్కనే ఆ పద్ధతిలో చేస్తే m² − 3m + 2 = 0 మూలాలు 1, 2. ప్రత్యేక సాధన కోసం e^(3t)ని 9 − 9 + 2, అంటే 2తో భాగిస్తే (1/2)e^(3t). తొలి విలువలు వేస్తే అదే జవాబు. రెండూ కలవకపోతే ఎక్కడో పొరపాటు ఉందన్నమాట. వరుస వరుసా వెనక్కి వెళ్తే దొరుకుతుంది.

చివరి మూడు రోజులు కొత్తది ముట్టుకోలేదు. గడియారం ముందు పెట్టుకుని మూడు గంటలపాటు పాత పేపర్లు రాశాను. వదిలేసిన యూనిట్ల నుంచి నిర్వచనాలు, సూత్రాలు మాత్రం రాత్రిపూట చూసుకున్నాను. పూర్తి లెక్క రాకపోయినా, సరైన సూత్రం రాసి విలువలు వేసిన మొదటి మెట్టుకు కొన్ని మార్కులు పడే అవకాశం ఉంటుంది.

మీ పేపర్లో అన్ని యూనిట్ల నుంచి తప్పనిసరి చిన్న ప్రశ్నలు ఉంటే ఈ పద్ధతి ఉన్నదున్నట్టు పనిచేయదు. అప్పుడు రెండు పెద్ద యూనిట్లే గట్టిగా పట్టుకుని, మిగిలిన రోజులు ఆ చిన్న ప్రశ్నలకు ఇవ్వండి. ఇంటర్నల్ మార్కులు ఎన్ని వచ్చాయో, రాత పరీక్షలో విడిగా కనీసం ఎన్ని తెచ్చుకోవాలో కూడా ముందే కనుక్కోండి. ఎన్ని యూనిట్లు పట్టుకోవాలో ఆ అంకెను బట్టే తేలుతుంది.